పెద్దసార్లకు ఒక పేజీ, మేస్త్రికి ఆరు కాగితాలు

"మూడో పేజీ దాక చదివిన. మిగిలింది నువ్వే వచ్చి చెప్పు," అని ఆమె ఫోను పెట్టేసింది. ఇరవై ఆరు పేజీలు రాసినందుకు నాకు దక్కిన మొదటి మాట అది. అన్నది మంగళవారం పొద్దున, నేను సిరిసిల్లలో పాత షెడ్డు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నప్పుడు. ఇలాంటివి నేను మరిచిపోను. మరిచిపోవాలని ప్రయత్నించిందీ లేదు.

మా కంపెనీ మూడు ఊళ్లలో ఉండేది. గుడ్డ నేసేది సిరిసిల్లలో. దాన్ని కత్తిరించి బడిపిల్లల చొక్కాలు, లాగులు కుట్టేది కోరుట్లలో. డబ్బు పెట్టిన ముగ్గురు డైరెక్టర్లు, వాళ్ల ఆఫీసు జగిత్యాలలో. గుడ్డ నాణ్యత చూసే ఉద్యోగం నాది. నాణ్యత బాగుంటే ఎవరికీ గుర్తురాని ఉద్యోగం, చెడితే అందరూ వెతుక్కుంటూ వచ్చే ఉద్యోగం. ఫోను పెట్టేసిన ఆమె జగిత్యాల ఆఫీసులో మేనేజరు. డైరెక్టర్ల ముందుకు ఏ కాగితం వెళ్లాలన్నా ఆమె బల్ల దాటే వెళ్లాలి.

ఆ ఏడు ఎండాకాలంలో కోరుట్ల నుంచి గుడ్డ వెనక్కి రావడం మొదలైంది. కత్తిరించే బల్ల మీద పొరలు పొరలుగా పరిస్తే, గుడ్డకు అడ్డంగా సన్నటి గీతలు కనిపిస్తున్నాయి. కొన్నిచోట్ల నేత పలచబడి వెలుతురు కనిపించే గీత, కొన్నిచోట్ల పోగులు ఒకదాని మీద ఒకటి పడి ముదిరిన గీత. ఆ గీత చొక్కా ముందుభాగం మీద పడిందంటే ఆ ముక్క పనికిరాదు. బడులు తెరిచేలోపు సరుకు ఇవ్వాలి. ఎక్కువ గీతలు పాత షెడ్డు గుడ్డలోనే ఉన్నాయని తేలింది. అందులో ముప్పై ఆరు సాంచాలు, ఆరు వరుసలు. మరమగ్గాన్ని సిరిసిల్లలో సాంచా అనే అంటారు. పాత షెడ్డు మూసేసి, ఆ మేరకు గుడ్డ బయట కొనుక్కుందామని డైరెక్టర్లలో ఒక మాట నడుస్తోంది. వచ్చే సోమవారం కూర్చుని తేల్చేస్తారట. పాత షెడ్డు మీద బతికే ఇళ్లు ఎన్నో నాకు తెలుసు. వాళ్లలో చాలామంది బొంబాయి, భీవండి చూసి తిరిగి వచ్చినవాళ్లే. మళ్లీ పొమ్మంటే పోయే వయసు కాదు.

అందుకే మూడు వారాలు ఆ షెడ్డులోనే ఉన్నాను. ప్రతి తానునూ దీపాల బల్ల మీద పరిచి, ప్రతి గీతనూ కొలిచి, అది ఏ సాంచా మీద, ఏ షిఫ్టులో, ఎందువల్ల పడిందో రాసుకున్నాను. తేలింది ఇది. గుడ్డలో అడ్డంగా పడే పేక పోగు తెగితే సాంచా వెంటనే ఆగాలి. బ్రేకు అరిగిపోతే ఆగదు. పోగు లేకుండానే రెండు మూడు తిప్పులు తిరుగుతుంది, గుడ్డ ముందుకు జరిగిపోతుంది, అక్కడ నేత పలచబడుతుంది. గుడ్డను చుట్టే రోలరుకు ఒక పళ్లచక్రం ఉంటుంది. దాని పళ్లు అరిగితే అది జారుతుంది. గుడ్డ జరగాల్సినంత జరగదు, పోగులు దగ్గర పడి ముదురు గీత వస్తుంది. బ్రేకులు, పళ్లచక్రాలు మారిస్తే చాలావరకు గీతలు పోతాయి. షెడ్డు మూయక్కరలేదు.

ఈ మాటే ఇరవై ఆరు పేజీల్లో రాశాను. మొదటి నాలుగు పేజీల్లో, పళ్లచక్రాలు కావాలని నేను ఎన్నిసార్లు రాశానో, ఎవరు ఏ రోజు "చూద్దాం" అన్నారో, ఎవరు అసలు జవాబే ఇవ్వలేదో వరసగా పెట్టాను. అవి రాయడంలో తప్పేమీ లేదని ఇప్పటికీ అనుకుంటాను. తర్వాత గీతలు కొలిచిన పద్ధతి, పట్టికలు. షెడ్డు మూయక్కరలేదన్న మాట ఇరవై మూడో పేజీలో వచ్చింది. అన్నీ చూపించాకే కదా తీర్పు చెప్పాలి, అలాగే నేర్చుకున్నాను.

ఆమె ఫోను పెట్టేసిన కోపంతోనే షెడ్డులోకి వెళ్లాను. అదే రిపోర్టు ఇంకొక ప్రతి మేస్త్రికి ఇచ్చి ఉన్నాను. సాంచాలు బాగుచేసే మనిషి. నా వయసంత అనుభవం ఉన్నవాడు. రిపోర్టు ఆయన పనిముట్ల పెట్టె మీద ఉంది. దాని మీద చాయ్ గ్లాసు.

"చదివినవా పెద్దయ్యా?" అన్నాను.

"చదివిన బిడ్డా. మంచిగనే రాసినవ్. గని గిండ్ల నా సాంచా ఏడున్నదో నాకు దొరుకుత లేదు."

"నంబర్లు వేసిన గద."

"గవి తాన్ల నంబర్లు. తాను నా దగ్గరికి వస్తదా? గది కోరుట్లకు పోయె. నాకు సాంచా కావాలె. ఏ సాంచా, ఏం అరిగింది. గంతే. గా నాలుగు పేజీలు ఎవల మీద కోపమొచ్చి రాసినవ్?"

పక్కన నేస్తున్న ఆయన నవ్వు ఆపుకోలేక సాంచా వైపు తిరిగాడు. వాళ్లకోసం మూడు వారాలు నూనెమరకల్లో కూర్చుంటే దక్కింది ఇది. రిపోర్టు మీద గ్లాసు పెట్టిన గుండ్రటి మరకను ఆయనకు చూపించాను. "పానం ఉన్న కాగితం బిడ్డా, దానికీ చాయ్ తాగబుద్ధయింది," అన్నాడు.

బుధవారం వేములవాడ మీదుగా జగిత్యాల బస్సెక్కాను. పోట్లాడటానికే వెళ్లాను, దాచేదేముంది. దారిపొడుగునా అనాల్సిన మాటలు తయారు చేసుకున్నాను. మేనేజరు నాకంటే పదేళ్లు పెద్దది. అంతకుముందు గొల్లపల్లి వైపు ఎక్కడో మహిళా సంఘాల లెక్కలు చూసేదట. నేను నోరు తెరిచేలోపే కుర్చీ చూపించి, నా రిపోర్టు బల్ల మీద పెట్టి, ఎర్ర పెన్ను తీసింది.

"కోపమొచ్చిందా?"

"రాదా మేడం? మూడు వారాలు చేసిన."

"నువ్వు చేసింది నేను కాదంటలేను. సోమవారం నాడు గీ ముగ్గురు కూర్చుంటరు. మన షెడ్డు సంగతి కాక ఇంకా తొమ్మిది సంగతులుంటయి. దీనికి పావుగంట దొరుకుతే గొప్ప. గా పావుగంటల వాళ్లు నీ నోటి నుంచి ఏం వినాలె? ఒక్క మాటల చెప్పు."

పళ్లచక్రం ఎలా జారుతుందో మొదలుపెట్టాను.

"పళ్లచక్రం తరువాత. వాళ్లు ఏం చెయ్యాలె?"

"షెడ్డు ముయ్యద్దు."

"మూయకుంటే?"

"బ్రేకులు, చక్రాలు మార్చాలె."

"ఎన్ని రోజులు? ఎంతవుతది? బడులు తెరిచే వరకు సరుకు అందుతదా? అందకపోతే ఏమైతది? చేసినా నయం కాకుంటే అప్పుడేంది?"

ఒక్కొక్కదానికి జవాబు నా ఇరవై ఆరు పేజీల్లో ఉంది. ఒకటి తొమ్మిదో పేజీలో, ఒకటి పంతొమ్మిదిలో, ఒకటి పట్టిక కింద చిన్న అక్షరాల్లో. ఆమె వాటిని నాచేతే వెతికించి, నాచేతే తెల్ల కాగితం మీద రాయించింది. మొదటి వాక్యం: పాత షెడ్డు మూయనవసరం లేదు, ఈ రెండు భాగాలు మార్చడానికి అనుమతి కావాలి. దాని కింద ఖర్చు, ఒక తాను గుడ్డ పాడైతే జరిగే నష్టంతో పోల్చి. దాని కింద రోజులు. దాని కింద, చేయకపోతే ఏమవుతుంది. పళ్లచక్రం గురించి ఒకే ఒక్క వాక్యం, చక్రం ఎన్నడూ చూడనివాడికి కూడా అర్థమయ్యేటట్టు. నా మొదటి నాలుగు పేజీలను పెన్నుతో అడ్డంగా కొట్టేసింది.

"ఇది రిపోర్టు కాదు, పంచాయితీ. ఎవలు ఎప్పుడు వద్దన్నరో కావాలంటే నాకు వేరే చెప్పు, వింట. గని గిది చదివితే పెద్దసార్లకు షెడ్డు యాదికుండది, నువ్వు తిట్టింది యాదికుంటది."

మధ్యాహ్నం అన్నం వేళ దాటిపోయింది. తన డబ్బాలోంచి సగం నాకు పెట్టింది. ఆ పూట ఆమె పక్కన పెట్టిన పనులన్నీ ఆమె రాత్రి ఇంట్లో చేసుకుందని తర్వాత తెలిసింది. నాకు చెప్పలేదు. చెప్పి ఉంటే నేను మరిచిపోయేదాన్ని కాదు.

చివరకు వచ్చేసరికి పేజీలో ఇంకా రెండు వాక్యాలకు చోటుంది. "అంతేనా? ఏమన్న ఇడిసిపెట్టినమా?" అని అడిగింది.

విడిచిపెట్టాం. తెలిసే విడిచిపెట్టాను. గీతల్లో దాదాపు మూడింట ఒక వంతు బ్రేకుల వల్లా, చక్రాల వల్లా పడ్డవి కావు. ఆగిన సాంచాను మళ్లీ నడిపించేటప్పుడు చేతి తప్పు వల్ల పడ్డవి. పోగు తెగినచోటు చూసుకుని, చక్రాన్ని ఒకటి రెండు పళ్లు వెనక్కి తిప్పి, గుడ్డ అంచు సరిచూసుకుని నడపాలి. అదంతా చేయడానికి అర నిమిషం పడుతుంది. కూలి మీటరు లెక్కన. ఒక్క మనిషి చూసేది ఆరు సాంచాలు. ఆ అర నిమిషం ఎవరు ఆగుతారు? ఇది నా రిపోర్టు పద్నాలుగో పేజీలో ఉంది. పెద్దసార్ల పేజీలో రాస్తే మిగిలినదంతా వదిలేసి దాన్నే పట్టుకుంటారని, నేతపని వాళ్ల మీదకే తోసేస్తారని నాకు భయం. పొట్టిగా రాయమన్నది వాళ్లే కదా, పొట్టిగానే రాశాను.

"అంతే మేడం," అన్నాను.

గురువారం మేస్త్రితో కూర్చున్నాను. ఆయనకు కావాల్సింది పూర్తిగా వేరు. ఖర్చు వద్దు, బడులు వద్దు, షెడ్డు మూస్తారా లేదా అన్నది కూడా కాగితం మీద వద్దు. "గది నాకు ఎర్కనే," అన్నాడు. ఆయన పొద్దున రాగానే చాయ్ బండి వైపు తలుపు నుంచి మొదలుపెడతాడు. మొదటి వరుస చివరిదాకా పోయి, రెండో వరుసలో వెనక్కి వస్తాడు. ఎద్దు దున్నినట్టు. సాంచాల మీద రంగుతో వేసిన అంకెలు ఎప్పుడో చెరిగిపోయాయి, ఎవరూ చూడరు. కాబట్టి కాగితాలు కూడా ఆయన నడిచే వరుసలోనే ఉండాలి. వరుసకు ఒక కాగితం, మొత్తం ఆరు. ఒక్కొక్క సాంచాకు ఒక్కొక్క గీర, అంటే కాగితం మీద ఒక అడ్డ లైను. ఎదురుగా బ్రేకు ఎంత అరిగింది, చక్రం పళ్లు ఎన్ని పోయాయి, మూడు వారాల్లో ఏ రకం గీతలు ఎన్ని. చేయి తప్పు గీతలు కూడా ఒక గడిలో.

"గా గడి తీసెయ్యాల్నా పెద్దయ్యా?" అని అడిగాను.

"ఎందుకు తీస్తవ్? అది తీసేస్తే నేను బ్రేకు మార్చినంక కూడ గీతలు వస్తనే ఉంటయి. అప్పుడు మేస్త్రికి పనిరాదంటరు. నీ లెక్క నాకు పూరా కావాలె."

ఆరు కాగితాలను ఆరు వరుసల మొదట్లో స్తంభాలకు కట్టాను. ఇరవై ఆరు పేజీలు చదవని మనుషులు వాటి చుట్టూ గుమిగూడారు. నాలుగో వరుస నేతగాడొకడు తన గీర మీద వేలు పెట్టి, "అక్కా, నా చేయి గడిల గిన్ని పెట్టినవేంది, నేను నీకేం పాపం చేసిన?" అన్నాడు. పక్కవాడు, "నీ చేయి గట్లనే ఉంటది, నిన్న పెండ్లిల పప్పు వడ్డించంగ గూడ చూసినం," అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వినా, ఆ సాయంత్రం నాలుగో వరుసవాడు ఆగిన సాంచా ముందు వంగి చక్రం వెనక్కి తిప్పడం నా కళ్లతో చూశాను.

శనివారం ముగ్గురు డైరెక్టర్లలో పెద్దాయన సిరిసిల్ల వచ్చాడు. సోమవారానికి ముందు ఒకసారి కళ్లతో చూద్దామనుకున్నాడట. వెంట మేనేజరు ఉంది. ఆయన చేతిలో నా ఒక్క పేజీ. మడత నలిగి ఉంది, అంటే నిజంగా చదివాడు. నన్ను పిలిచి, మంచిగా రాశావన్నాడు. నాలుగేళ్ల ఉద్యోగంలో ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఆ ఆనందం స్తంభం దాకానే నిలిచింది.

ఆయన నాలుగో వరుస కాగితం ముందు ఆగాడు. వేలుతో గడులు దాటుకుంటూ పోయి ఒకచోట నిలిపాడు. తర్వాత చేతిలోని పేజీ చూశాడు. మళ్లీ స్తంభం చూశాడు.

"ఏమ్మా, జగిత్యాలకు ఒక మాట, సిరిసిల్లకు ఒక మాటనా?"

సాంచాల చప్పుడులో కూడా అందరికీ వినపడ్డట్టే అనిపించింది.

"గీ చేయి తప్పుల సంగతి నాకు పంపిన కాగితంల లేదేంది? రేపు నేను పైసలు పెట్టి బ్రేకులు మారిపిస్తే, మల్ల గీతలొస్తే, ఎవల్ని అడగాలె? నీ పేజీల ఇంకెన్ని లేవు? ఉన్నయైనా ఎట్ల నమ్మాలె?"

తప్పంతా పొట్టిగా రాయమన్నవాళ్లదే అనుకున్నాను. మేనేజరు వైపు చూశాను, ఆమె ఒక్క మాటైనా నా తరఫున అంటుందని. ఆమె అనలేదు. అప్పుడు అదొక పెద్ద గాయం నాకు. "చెప్పు. నిన్న బల్ల దగ్గర అడిగిన గద, ఇడిసిపెట్టినమా అని," అంది. అడిగింది నిన్న కాదు, బుధవారం. ఆ సంగతి కూడా గుర్తుంది నాకు.

"రాస్తే పనోళ్ల మీదికే వస్తదని భయమేసింది సార్," అన్నాను. "వాళ్లకు కూలి మీటరుకు. సాంచా ఆగితే కూలి ఆగుతది. బ్రేకు మంచిగుంటే సాంచా ఆడికాడికే ఆగుతది, వెనక్కి తిప్పే పని తక్కువైతది. ఇప్పుడు రెండు మూడు తిప్పులు ఎక్కువ పోతున్నది, ప్రతిసారి వెతుక్కోవాలె. చేయి తప్పు కొంత నిజమే. గని అండ్ల గూడ బ్రేకు పాలు ఉన్నది."

"గిదంతా గీ పేజీల ఉండాలె గద."

"ఉండాలె సార్."

అప్పుడు మేస్త్రి పాత బ్రేకు ఒకటి పట్టుకుని ముందుకొచ్చాడు. "సార్, గా బిడ్డ నాకు ఇచ్చిన లెక్కల ఒక్కటి దాచలె. కావాలంటే నా ఆరు కాగితాలు తీసుకపోండ్రి. గని మీరు గవి చదువుతే సోమవారం కాదు, బతుకమ్మ పండుగ వస్తది."

పెద్దాయన నవ్వలేదు కానీ ముఖం కాస్త వదులైంది. మేనేజరు పెన్ను తీసి నాకిచ్చింది. "ఖాళీ ఉన్నది గద కింద. ఈడనే రాయి." సాంచా చట్రం మీద ఆ నలిగిన పేజీ పెట్టుకుని రాశాను. మూడింట ఒక వంతు గీతలు సాంచాను మళ్లీ నడిపే తీరు వల్ల వస్తున్నాయి, బ్రేకులు మారిస్తే వీటిలో కొన్ని తగ్గుతాయి, అన్నీ పోవు, ఆపి సరిచూసుకున్న సమయానికి కూలి కట్టిస్తే ఇంకా తగ్గుతాయి. మూడు వాక్యాలయ్యాయి. రెండింటికే చోటుందని బుధవారం అనుకున్నాను, మూడూ పట్టాయి.

ఆయన చదివి, "మొత్తం మారిస్తే ఎన్ని గీతలు మిగులుతయి?" అన్నాడు. అది ఆరు కాగితాల మీదే ఉంది. వరుస వరుసకూ కూడి చెప్పాను. "ముందుగాల ఒక్క వరుస చేద్దాం. రెండు వారాలు చూద్దాం. నువ్వు చెప్పినంతనే మిగులుతే షెడ్డు ఉంటది," అన్నాడు. సోమవారం మిగతా ఇద్దరి చేత కూడా అదే ఒప్పించాడు.

నాలుగో వరుసనే ఎంచుకున్నాం, అదే అన్నింటికంటే చెడ్డది కాబట్టి. ఆ ఆరు సాంచాల గుడ్డను వేరుగా కట్టి కోరుట్ల పంపాం. రెండు వారాల తర్వాత నేనే కోరుట్ల వెళ్లాను. అక్కడ కత్తిరించే బల్ల దగ్గర ఇన్‌చార్జిగా ఉన్న ఆవిడ పొర తర్వాత పొర పరిచి, గీత పడ్డ ముక్కలు తీసి పక్కన పెట్టింది. పక్కన పెట్టినవి లెక్కపెట్టాం. నేను చెప్పినదానికంటే రెండు ఎక్కువ. ఆ రెండు కూడా రాసే పంపాను, మొదటి వాక్యంలోనే. అది చదివి పెద్దాయన సరేనన్నాడు, షెడ్డు ఉండిపోయింది. మిగిలిన అయిదు వరుసలూ బడులు తెరిచాక ఒక్కొక్కటే చేసుకున్నాం. కూలి సంగతి మాత్రం ఇంకా "చూద్దాం" దగ్గరే ఉంది. ఎవరు అన్నారో, ఏ రోజు అన్నారో నా దగ్గర రాసి ఉంది.

ఆ తర్వాత రాసిన ప్రతి రిపోర్టునూ మొదట పూర్తిగా నాకోసం రాసుకుంటున్నాను. దాంట్లోంచి రెండు తీస్తాను. పెద్దసార్లకు ఏం తేల్చాలో, ఎంతవుతుందో, ఎక్కడ భయముందో ముందు. మేస్త్రికి ఏ సాంచా, ఏ భాగం, ఆయన నడిచే దారిలో. రెండూ పంపేముందు పక్కపక్కన పెట్టుకుని, ఒకదానిలో ఉన్న నిజం రెండోదాన్ని అబద్ధం చేస్తోందా అని చూస్తాను. ఎంత పొట్టిగా చేసినా నచ్చని సంగతికి ఒక్క వాక్యమన్నా చోటుంచుతాను. ఇది నాకు ఏ చదువులోనూ చెప్పలేదు. నా రిపోర్టు మీద చాయ్ గ్లాసు పెట్టిన మనిషి, మూడో పేజీ దగ్గర ఆపేసిన మనిషి కలిసి నేర్పారు.

ఆ శనివారం ఆమె నా తరఫున మాట్లాడి ఉంటే పెద్దాయన ఆమెను నమ్మేవాడు, నన్ను కాదు. ఈ సంగతి అర్థం కావడానికి నాకు ఏడాది పట్టింది. అర్థమయ్యాక జగిత్యాల వెళ్లి ఆమెకు ఆ మాటే చెప్పాను. ఆమె ఏదో ఫైలు చూస్తూ, "మంచిదమ్మా, కూర్చో, అన్నం తిన్నవా?" అంది. తినలేదన్నాను. డబ్బా తెరిచింది.